పాలసీ అయిపోయిన 23వ రోజున కారు ఇన్సూరెన్స్ రెన్యువల్ – 90 రోజుల లెక్క, ఇన్‌స్పెక్షన్: నా అనుభవం

మా కారు పాలసీ 2025 జూన్ 14 అర్ధరాత్రితో ముగిసింది. ఆ సంగతి నాకు తెలిసింది జూలై 5, శనివారం సాయంత్రం. పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీ చూద్దామని ఎంపరివాహన్ యాప్ తెరిస్తే, ఇన్సూరెన్స్ గడువు తేదీ దాటిపోయి కనిపించింది. పాలసీలో ఉన్న ఫోన్ నంబరు పాతది కావడంతో కంపెనీ పంపిన మెసేజులేవీ నాకు చేరలేదు. మీ పాలసీ కాగితం మీద కూడా ఏ నంబరుందో ఒకసారి చూసుకోండి. షోరూములో తీసుకున్న పాలసీల్లో చాలాసార్లు ఏజెంటు నంబరే ఉంటుంది.

ఆ రాత్రి తెలిసినవాళ్లను అడిగితే ముగ్గురూ ఒకే మాట చెప్పారు: "90 రోజులు గ్రేస్ ఉంటుందిలే, కంగారేం లేదు." ఈ మాట సగమే నిజం. మిగతా సగం నమ్మితే ఇల్లూ వాకిలీ అమ్ముకోవాల్సిన పరిస్థితి రావచ్చు. అందుకే ముందు దాని సంగతి చెప్పి, తర్వాత రెన్యువల్ ఎలా జరిగిందో చెప్తాను.

లైఫ్ ఇన్సూరెన్సుకీ, హెల్త్ ఇన్సూరెన్సుకీ గ్రేస్ పీరియడ్ ఉంటుంది కాబట్టి బండికీ ఉంటుందని అనుకోవడం సహజం. బండి పాలసీకి అలాంటిది లేదు. ప్రీమియం ముందుగా చేతికి అందనిదే కంపెనీ రిస్కు తీసుకోకూడదని 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టంలోని 64వీబీ సెక్షన్ చెప్తుంది. పాలసీ కాగితం మీద రాసిన చివరి తేదీ అర్ధరాత్రి దాటిన క్షణం నుంచి బండికి రక్షణ లేదు. ఒక్క గంట కూడా వెసులుబాటు ఉండదు. కోవిడ్ లాక్‌డౌన్‌లో మాత్రం, 2020 మార్చి 25 నుంచి మే 3 లోపు ముగిసిన, మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి తీసుకునే థర్డ్ పార్టీ పాలసీలను మే 15 లోగా కట్టుకుంటే పాత తేదీ నుంచే కొనసాగినట్టు లెక్క అని కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా గెజిట్ ఇచ్చింది. అంత చిన్న సడలింపుకే గెజిట్ అవసరమైందంటే మామూలు రోజుల్లో రూలు ఎంత గట్టిదో అర్థమవుతుంది.

మరి ఆ 90 రోజులు దేనికి? నో క్లెయిమ్ బోనస్‌కి. క్లెయిమ్ చేయకుండా గడిపిన ఏళ్లకు కంపెనీ ఇచ్చే తగ్గింపు అది. మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, ఆఖరికి 50 దగ్గర ఆగుతుంది. పాలసీ ముగిసిన 90 రోజుల్లోగా కొత్త పాలసీ తీసుకుంటే ఈ బోనస్ మిగులుతుంది. 91వ రోజు నుంచి సున్నా. అంటే ఆ 90 రోజులు కాపాడేది మీ తగ్గింపునే, మీ బండిని కాదు.

ఈ తేడా నాకు అప్పటికే 21 రోజులకు వర్తించింది. జూన్ 15 నుంచి ఆ కారు ఎవరినైనా గుద్ది ఉంటే, ట్రిబ్యునల్ వేసే నష్టపరిహారం మొత్తం నేనే కట్టాలి. పాలసీ ఉండి షరతు ఏదో ఉల్లంఘించిన కేసుల్లో కొన్నిసార్లు "కంపెనీ ముందు చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి" అని కోర్టులు అంటాయి. అసలు పాలసీయే లేనప్పుడు ఆ దారి కూడా ఉండదు. దీని ముందు పోలీసు జరిమానా లెక్కలోకి రాదు: మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ కింద మొదటిసారికి 2,000 రూపాయలు లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ, రెండోసారి అయితే 4,000. అందుకే ఆ శనివారం రాత్రి చేసిన మొదటి పని, కారు తాళం తీసి బీరువాలో పెట్టడం. ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్లడానికైనా సరే, కొత్త పాలసీ మొదలయ్యేదాకా బండి రోడ్డెక్కకూడదు.

ఇక్కడ కొత్త కార్లవాళ్లకు ఒక తేడా ఉంది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొన్న కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లకు, కొత్త టూవీలరుకి ఐదేళ్లకు ఒకేసారి ఇస్తున్నారు. సొంత బండికి జరిగే నష్టం, అంటే ఓన్ డ్యామేజ్ భాగం మాత్రం ఎక్కువగా ఏడాదికే ఉంటుంది. రెండో ఏడు అది రెన్యువల్ చేయకపోయినా థర్డ్ పార్టీ నడుస్తూనే ఉంటుంది కాబట్టి చట్టం ముందు తప్పు లేదు, కానీ సొంత బండి దెబ్బతింటే రూపాయి రాదు. మీ కాగితంలో రెండు గడువు తేదీలు వేర్వేరుగా రాసి ఉంటాయి, రెండూ చూడండి. మాది 2019 కారు. ఆ మూడేళ్లూ 2022లోనే అయిపోయాయి, తర్వాత నుంచి రెండు భాగాలూ కలిసిన ఏడాది పాలసీ. కాబట్టి నాకు రెండూ ఒకే రాత్రి పోయాయి.

ఆదివారం పొద్దున్నే లెక్క వేశాను. జూన్ 15ని ఒకటో రోజుగా తీసుకుంటే 90వ రోజు సెప్టెంబరు 12. చాలా టైముంది. కానీ చూసేది మీరు అప్లై చేసిన తేదీనో, ఇన్‌స్పెక్షన్ జరిగిన తేదీనో కాదు, కొత్త పాలసీ మొదలయ్యే తేదీని. 88వ రోజున మొదలుపెట్టి, ఫోటోలు వెనక్కొచ్చి, మధ్యలో ఆదివారం పడితే బోనస్ పోయినట్టే. ఆలస్యమైనవాళ్లు కనీసం వారం ముందే కదలాలి.

బోనస్ పోతే ఎంత నష్టమో మా కారు మీదే చూపిస్తాను. 1200 సీసీ పెట్రోలు బండి. థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. 1000 నుంచి 1500 సీసీ కార్లకు ఇది ప్రభుత్వం నిర్ణయించిన రేటు, ఏ కంపెనీలో అయినా ఒకటే, దీని మీద బోనస్ ఉండదు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం బోనస్ తీయకముందు 8,000 వచ్చింది. నా బోనస్ 50 శాతం కాబట్టి అది 4,000 అయింది. రెండూ కలిపి 7,416, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 8,751 రూపాయలు. పర్సనల్ యాక్సిడెంట్ కవర్ నాకు వేరే పాలసీలో ఉంది, అందుకని ఇందులో కలపలేదు. అదే 91వ రోజున తీసుకుంటే 11,416కి జీఎస్టీ కలిపి 13,471 అయ్యేది. తేడా 4,720 రూపాయలు.

అయితే నష్టం ఆ ఒక్క ఏడాదితో ఆగదు. బోనస్ మళ్లీ సున్నా నుంచి ఎక్కాలి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 8,000 దగ్గరే ఉందనుకుంటే, మొదటి ఏడు 4,000, రెండో ఏడు 20 శాతమే కాబట్టి 2,400, తర్వాత 2,000, 1,200, 400 చొప్పున ఎక్కువ కడుతూ పోవాలి. ఐదేళ్లకు 10,000, జీఎస్టీతో 11,800. ఆరో ఏటికి గానీ మళ్లీ 50 శాతానికి చేరం.

ఇక రెన్యువల్. వెబ్‌సైటులో బండి నంబరు కొట్టగానే పాత పాలసీ పరిస్థితి అడిగింది: ఇంకా నడుస్తోందా, అయిపోయి 90 రోజుల లోపా, 90 రోజులు దాటిందా. ఇక్కడే చాలామంది పెద్ద తప్పు చేస్తారు, కొందరు ఏజెంట్లు కావాలనే చేయిస్తారు. "ఇంకా అయిపోలేదు" అని, గడువు దగ్గర ఇంకా రాని తేదీ ఏదో వేస్తే ఇన్‌స్పెక్షన్ అడగకుండా పాలసీ చేతికొచ్చేస్తుంది. ఏమీ జరగనంత కాలం అంతా బాగానే ఉంటుంది. క్లెయిమ్ వేసిన రోజున కంపెనీ చేసే మొదటి పనుల్లో ఒకటి పాత పాలసీ తేదీలూ, బోనస్ వివరాలూ పాత కంపెనీ దగ్గర సరిచూసుకోవడం. మధ్యలో ఖాళీ బయటపడితే, అబద్ధపు సమాచారంతో పాలసీ తీసుకున్నారని ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తిరస్కరిస్తారు. ఏజెంటు వేశాడు, నాకు తెలియదు అంటే నిలబడదు. ప్రపోజల్‌లో ఉన్న ప్రతి ముక్కా మీరు చెప్పినట్టే లెక్క. మీకు పాలసీ ఇన్‌స్పెక్షన్ లేకుండా వచ్చిందా, అందులో పాత పాలసీ గడువు తేదీ సరిగ్గా ఉందో లేదో ఈ రోజే చూసి, తప్పుంటే కంపెనీకి రాసి సరిచేయించుకోండి.

నేను "90 రోజుల లోపు" ఎంచుకున్నాను. పాత పాలసీ కాపీ, ఆర్సీ అప్‌లోడ్ చేశాక ఇన్‌స్పెక్షన్ ఎలా కావాలని అడిగింది. సర్వేయర్ ఇంటికి రావడం ఒక పద్ధతి, ఫోనుకి వచ్చే లింకుతో మనమే ఫోటోలు, వీడియో తీయడం రెండోది. అసలు ఇన్‌స్పెక్షన్ ఎందుకంటే, రక్షణ లేని రోజుల్లో బండికి తగిలిన దెబ్బల్ని కొత్త పాలసీలో క్లెయిమ్ చేసుకోకుండా ఆపడానికి. అందుకే థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకునేవాళ్లను సాధారణంగా ఇన్‌స్పెక్షన్ అడగరు. అక్కడ మన బండి డొక్కుదైనా కంపెనీకి సంబంధం లేదు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న బండికి మధ్యలో ఫుల్ ఇన్సూరెన్స్ కావాలన్నా, ప్రీమియం చెక్కు బౌన్సయి పాలసీ రద్దయినా ఇదే ఇన్‌స్పెక్షన్ ఉంటుంది.

నేను ఫోను పద్ధతి తీసుకున్నాను. లింకు తెరవగానే లొకేషన్, కెమెరా పర్మిషన్లు అడుగుతుంది. గ్యాలరీలో ఉన్న ఫోటోలు తీసుకోదు, అప్పటికప్పుడు తీయాల్సిందే. ప్రతి ఫోటో మీదా తేదీ, టైము, స్థలం దానంతటదే పడుతుంది. ముందు ఛాసిస్ నంబరు, తర్వాత ఇంజన్ భాగం, మీటరు, ముందు అద్దం లోపలి నుంచీ బయటి నుంచీ, ముందు, వెనక, రెండు పక్కలు, నాలుగు మూలలు, ఆఖరున బండి చుట్టూ ఆపకుండా ఒక వీడియో. మొత్తం ఇరవై నిమిషాల పని.

అందులో ఇబ్బంది పెట్టేవి రెండు. మొదటిది ఛాసిస్ నంబరు. మోడల్‌ని బట్టి బానెట్ తెరిస్తే ఇంజన్ వెనక గోడ మీదో, ముందు సీటు దగ్గర కార్పెట్ కిందో చెక్కి ఉంటుంది. ఏళ్ల తరబడి దుమ్ము, నూనె పట్టి అక్షరాలు పూడిపోతాయి. తడిగుడ్డతో తుడిచి, టార్చి లైటు నేరుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా కొడితే నీడపడి అక్షరాలు తేలతాయి. మొత్తం 17 ఉండాలి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ రావు. గుండ్రంగా కనిపించేది సున్నాయే, నిలువు గీత ఒకటే. ఆర్సీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడండి. ఆర్సీలో ఒక్క అక్షరం తప్పు పడి ఉంటే ఇక్కడే ఆగిపోతుంది, ముందు దాన్ని సరిచేయించుకోవాలి.

రెండోది ముందు అద్దం. నా మొదటి ఫోటో వెనక్కి వచ్చింది ఇందుకే. ఉదయం పదకొండు గంటల ఎండలో ఆకాశం, ఎదురింటి గోడ అద్దం మీద ప్రతిబింబించి, పగులు ఉందో లేదో చూసేవాళ్లకు తెలియలేదు. బండిని షెడ్డు నీడలోకి నెట్టి, నల్ల దుప్పటి ఒకటి డాష్‌బోర్డు మీద పరిచి తీస్తే అద్దం స్పష్టంగా వచ్చింది. వెనక్కి వచ్చిన మెసేజులో కారణం రాసి ఉంటుంది, దాన్ని చదవకుండా అవే ఫోటోలు మళ్లీ పంపితే ఇంకో రోజు పోతుంది. కారు ముందు రోజే కడిగి, పూర్తిగా ఆరనివ్వడం కూడా ముఖ్యం. మట్టి ఉంటే దాని కింద గీత ఉందేమో అని, తడి ఉంటే మెరుపులో సొట్ట కనపడదని రెండింటికీ అభ్యంతరం చెప్తారు. మీటరు ఫోటో తీసేటప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేసి ఉండాలి, కిలోమీటర్ల అంకె, హెచ్చరిక లైట్లు రెండూ కనపడాలి.

ముందు అద్దం నిజంగానే పగిలి ఉంటే చాలా కంపెనీలు పాలసీ ఇవ్వవు, లేదా అద్దం మినహాయించి ఇస్తాయి. అద్దం వేయించి, బిల్లు దగ్గర పెట్టుకుని మళ్లీ ఇన్‌స్పెక్షన్‌కి పెట్టుకోవడమే మంచిది. బయట బిగించిన గ్యాస్ కిట్టు ఆర్సీలో ఎక్కించకపోయినా ఆపేస్తారు.

మా కారుకి ఎడమవైపు వెనక తలుపు మీద అరచేతి వెడల్పున సొట్ట ఉంది. ఎప్పటిదో, ఎవరో స్కూటర్ ఆనించి పోయారు. దాన్ని దాచే ప్రయత్నం చేయకుండా దగ్గర నుంచి విడిగా ఒక ఫోటో తీశాను. సోమవారం మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది: పాలసీ ఇవ్వవచ్చు, ఎడమ వెనక తలుపుకి పాత సొట్ట ఉంది. దాని అర్థం, రేపు ఆ తలుపుకి దెబ్బ తగిలితే పాత సొట్ట మేరకు ఖర్చు కోస్తారు. ఇది నష్టంలా కనిపిస్తుంది కానీ ఆ రిపోర్టు మనకే రక్షణ. అందులో లేని ప్రతి దెబ్బా పాలసీ మొదలయ్యాక తగిలినదే అని చెప్పడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. క్లెయిమ్‌కి వచ్చే సర్వేయర్ ఆ ఫోటోలనే పక్కన పెట్టుకుని చూస్తాడు. అందుకే రిపోర్టు, ఫోటోలు అడిగి తీసుకుని దాచుకున్నాను. తర్వాత ఆ తలుపు బాగు చేయిస్తే, కంపెనీకి చెప్పి మళ్లీ ఫోటోలు తీయించి రికార్డులో మార్పించుకోవాలి. లేకపోతే బాగుచేసినా రికార్డులో సొట్ట అలాగే ఉంటుంది.

రిపోర్టుకి కూడా గడువుంది. నాకు 48 గంటలు ఇచ్చారు, కొన్ని కంపెనీలు 24 గంటలే ఇస్తాయి. ఆలోగా డబ్బు కట్టకపోతే ఇన్‌స్పెక్షన్ మొదటికొస్తుంది. కారణం న్యాయమైనదే, ఫోటోలు తీశాక గుద్దుకున్న బండికి అవే ఫోటోలతో పాలసీ ఇవ్వలేరు కదా. కొన్ని చోట్ల వరుస తిరగబడి ఉంటుంది: ముందు డబ్బు తీసుకుని తర్వాత ఇన్‌స్పెక్షన్ అంటారు. అక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. డబ్బు కట్టిన రసీదు పాలసీ కాదు. ఇన్‌స్పెక్షన్ పాసై పాలసీ నంబరు వచ్చేదాకా ఓన్ డ్యామేజ్ రక్షణ మొదలుకాదు, ఫెయిలైతే డబ్బు వెనక్కి వస్తుంది.

నేను సోమవారం, జూలై 7న మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు డబ్బు కట్టాను. పదినిమిషాల్లో పాలసీ మెయిల్‌కి వచ్చింది. కానీ అందులో "పీరియడ్ ఆఫ్ ఇన్సూరెన్స్" దగ్గర జూలై 8, 00:00 గంటల నుంచి అని ఉంది. అంటే ఆ సాయంత్రం కూడా బండికి రక్షణ లేదు. ఈ గంట, నిమిషం చిన్న విషయం కాదు. తేదీ మాత్రమే ఉండి టైము లేకపోతే ఆ రోజు మొదలైన అర్ధరాత్రి నుంచే పాలసీ ఉన్నట్టని 1990లో రామ్ దయాళ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టైము రాసి ఉంటే మాత్రం ఆ టైము నుంచే అని తర్వాత జీకుభాయ్ కేసులో తేల్చింది. ఇప్పటి పాలసీలన్నిటి మీదా టైము అచ్చవుతుంది కాబట్టి రెండోదే మనకు వర్తిస్తుంది. టూవీలర్లలో ఇంకా జాగ్రత్త కావాలి. చాలా కంపెనీలు టూవీలరుకి ఇన్‌స్పెక్షన్ అడగవు, దానికి బదులు పాలసీని రెండు మూడు రోజులు ఆలస్యంగా మొదలుపెడతాయి. డబ్బు కట్టాం కదా అని ఆ మధ్య రోజుల్లో బండి తీస్తే ఇన్సూరెన్స్ లేకుండా నడిపినట్టే.

ఏజెంటు ఒకరు "పాత తేదీ నుంచి వేయించేదా" అని అడిగారు. అలా వేయడం కుదరదు. అయిపోయిన రోజులకు పాలసీ అమ్మే వీలు ఎవరికీ లేదు. మా కొత్త పాలసీ 2026 జూలై 7 అర్ధరాత్రి దాకా, పాతది జూన్ 14 దాకా. మధ్యలో జూన్ 15 నుంచి జూలై 7 వరకు 23 రోజులు ఎప్పటికీ ఖాళీయే. ఆ రోజుల్లో ఏదైనా జరిగి, ఎవరైనా తర్వాత కేసు వేసినా ఈ పాలసీ పనికిరాదు.

పాలసీ వచ్చాక నాలుగు చోట్ల చూశాను: పాత పాలసీ గడువు తేదీ జూన్ 14 అనే ఉందా, బోనస్ 50 శాతమే పడిందా, ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో కలిశాయా, ఫోన్ నంబరు నాదేనా. అన్నీ సరిగ్గా ఉన్నాయి. విడిభాగాల అరుగుదల కోయకుండా ఖర్చు ఇచ్చే బంపర్ టు బంపర్ కవర్ తీసుకునేవాళ్లు, అది పడిందో లేదో ఐదో చోట కూడా చూడాలి. ఖాళీ వచ్చిన బండికి చాలా కంపెనీలు అది ఇవ్వవు, ప్రీమియం తగ్గినట్టు కనిపించడానికి ఒక్కోసారి అదే కారణం. ఎంపరివాహన్‌లో కొత్త తేదీ కనపడటానికి రెండు రోజులు పట్టింది. ఈలోగా ఎవరైనా ఆపితే చూపించడానికి పాలసీ పీడీఎఫ్ ఫోనులో పెట్టుకుని, మంగళవారం పొద్దున బీరువాలోంచి తాళం తీశాను.